మిద్దె తోట ఛానెల్‌కు మొదటి వంద డాలర్లు ఎప్పుడు?

ఇష్టంగా చేసుకునే పనిని వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెడితే ప్రకటనల డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది? ఈ ప్రశ్నకు మన చుట్టూ మూడు రకాల జవాబులు తిరుగుతున్నాయి. షార్ట్స్ పెడితే మూడు నెలల్లో వచ్చేస్తుందని కొందరంటారు. రోజుకో వీడియో వేస్తే ఆరు నెలలు చాలని మరికొందరు. అంతా అదృష్టం, ఒక్కటి వైరల్ అయితే దశ తిరిగిపోతుందనేవాళ్లు ఇంకొందరు. మూడింటిలోనూ ఎంతోకొంత నిజం ఉంది. కానీ మూడూ ఎదురుచూపు ఒకటే అనుకుంటున్నాయి. నిజానికి అవి మూడు. అర్హత వచ్చేదాకా ఒకటి, వచ్చాక యూట్యూబ్ పరిశీలన ముగిసేదాకా ఒకటి, పరిశీలన ముగిశాక మొదటి సొమ్ము బ్యాంకులో పడేదాకా మరొకటి. చిన్న తెలుగు ఛానెల్ విషయంలో ఈ మూడోది మొదటిదానికి దగ్గరదగ్గరగా ఉంటుంది. ఛానెల్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

అన్ని సరదాలకూ ఒకే లెక్క వర్తించదు కాబట్టి ఒకదాన్ని పట్టుకుని చూద్దాం. మిద్దె తోట తీసుకుంటున్నాను. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల డాబా మీద కుండీలు, గ్రో బ్యాగులు పెట్టి కూరగాయలు పండించేవాళ్లు చాలామంది ఉన్నారు. చూసేవాళ్లకూ తీసేవాళ్లకూ కొదవ లేదు. పైగా ఇది రుతువును బట్టి నడిచే పని. వీడియో ఎప్పుడు పెడితే ఎప్పుడు చూస్తారో ఇందులో తేటగా కనిపిస్తుంది.

గడప ఎలా ఎత్తయింది

యూట్యూబ్ తన ప్రకటనల ఆదాయంలో వీడియోలు తీసేవాళ్లకు వాటా ఇవ్వడం 2007లో మొదలైంది. మొదట ఎంపిక చేసిన కొద్దిమందికే. 2012 ప్రాంతంలో ఆ తలుపు దాదాపు అందరికీ తెరిచారు. ఆ రోజుల్లో పదిమంది చూసిన వీడియో మీదా ప్రకటన పెట్టుకోవచ్చు. ఇతరుల వీడియోలు ఎత్తి వేసుకునేవాళ్లు పెరిగాక 2017 ఏప్రిల్‌లో ఛానెల్ మొత్తానికి 10,000 వ్యూస్ ఉండాలన్నారు. 2018 జనవరిలో ఇప్పుడున్న నిబంధన ప్రకటించారు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి.

ఆ నిబంధన వచ్చినప్పుడు చిన్న ఛానెళ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. యూట్యూబ్ అప్పుడు చెప్పుకున్న సమాధానంలోని అంకెలు ఈ చర్చకు చాలా ముఖ్యం. దీనివల్ల ఆదాయం పోయే ఛానెళ్లలో 99 శాతానికి అంతకుముందు ఏడాదిలో వచ్చింది 100 డాలర్ల లోపే. 90 శాతానికి చివరి నెలలో వచ్చింది రెండున్నర డాలర్ల లోపే. గడప లేని రోజుల్లో కూడా చిన్న ఛానెల్‌కు రాలింది చిల్లరేనన్నమాట. గడప దాటితే డబ్బు మొదలవుతుందనే భ్రమను ఈ ఒక్క లెక్కే తీర్చేస్తుంది.

2023లో యూట్యూబ్ దీనికి ముందు ఒక తక్కువ మెట్టు కూడా పెట్టింది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటలు ఉంటే మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్ లాంటివి పెట్టుకోవచ్చు. అంటే ప్రేక్షకులు తమ జేబులోంచి ఇచ్చే డబ్బు. ప్రకటనల వాటా ఈ మెట్టు మీద రాదు. ఇంకో సంగతి. మీ ఛానెల్‌కు అర్హత రాకముందే మీ వీడియోల మీద ప్రకటనలు కనిపించవచ్చు. 2020 నవంబర్ నుంచి యూట్యూబ్ అలా వేసుకుంటోంది. ఆ డబ్బులో మీకు పైసా రాదు. "నీ వీడియోలో యాడ్ చూశాను, డబ్బులొస్తున్నాయా?" అని చుట్టాలు అడిగితే కంగారు పడక్కర్లేదు.

నాలుగు వేల గంటలంటే

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఇక్కడ నుంచి అంతా ఒక్క అంకె మీద ఆధారపడుతుంది. మీ వీడియోను సగటున ఒకరు ఎన్ని నిమిషాలు చూస్తున్నారు? ఎనిమిది నిమిషాల వీడియోను సగటున మూడు నిమిషాలు చూస్తే 80,000 వ్యూస్ కావాలి. నాలుగు నిమిషాలు చూస్తే 60,000 చాలు. ఒకటిన్నర నిమిషానికే వెళ్లిపోతుంటే 1,60,000 కావాలి. అందుకే వ్యూస్ సమానంగా ఉన్న రెండు ఛానెళ్లలో ఒకటి చాలా ముందుగా గడప దాటవచ్చు.

ఈ గంటలు ఒకసారి సంపాదిస్తే ఉండిపోయేవి కావు. లెక్కలోకి వచ్చేది గడిచిన 365 రోజులే. పోయిన జూలైలో వచ్చిన గంటలు ఈ జూలై వచ్చేసరికి జారిపోతాయి. పరీక్షలని, పెళ్లిళ్లని నాలుగు నెలలు వదిలేస్తే అంకె ముందుకు కదలకపోవడమే కాదు, వెనక్కి కూడా పోతుంది. ప్రైవేట్‌లో, అన్‌లిస్టెడ్‌లో పెట్టిన వీడియోల సమయం, డబ్బు కట్టి యూట్యూబ్‌లో ప్రచారం చేయించుకుంటే వచ్చిన సమయం ఇందులో కలవవు. తొలగించిన వీడియో గంటలు కూడా పోతాయి. పాత వీడియోలు చూసుకుని సిగ్గుపడి తీసేయాలనిపించినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

షార్ట్స్ సంగతి ఇక్కడే తేల్చేయవచ్చు. షార్ట్స్ ఫీడ్‌లో జనం చూసిన సమయం 4,000 గంటల్లోకి రాదు. షార్ట్స్ దారిలో అర్హత రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. రోజుకు లక్షా పదివేల పైచిలుకు. పుదీనా నాటడం మీద, వేపనూనె కలపడం మీద తెలుగులో తీసే షార్ట్స్‌కు మూడు నెలలపాటు రోజూ అంతమంది దొరకడం మామూలు విషయం కాదు. షార్ట్స్ వల్ల సబ్‌స్క్రైబర్లు పెరుగుతారు, నిజమే. కానీ అలా వచ్చినవాళ్లు చాలావరకు పెద్ద వీడియో వైపు తిరిగి చూడరు. వెయ్యి మంది నిండి గంటలు మాత్రం మూడు వందల దగ్గర ఆగిపోయిన ఛానెళ్లు ఇలా తయారైనవే. 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల దాకా నిలువుగా తీసిన వీడియో షార్ట్స్‌లోకే వెళుతుంది. తెలియక ఫోన్ నిలువుగా పట్టుకుని రెండున్నర నిమిషాల పాఠం తీస్తే ఆ గంటలకు నీళ్లొదులుకున్నట్టే. ఫోన్ అడ్డంగా పట్టుకోండి.

సబ్‌స్క్రైబర్ల కోసం "నువ్వు నాది చేయి, నేను నీది చేస్తా" అని వాట్సాప్ గ్రూపుల్లో జరిగే బేరాలు, గంటలు అమ్ముతామనే మనుషులు మరో దారి. ఇది యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. దొంగ లెక్క బయటపడితే అంకెలు కోసేస్తారు, లేదా పరిశీలనలో ఛానెల్‌ను తిప్పికొడతారు. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించనిది. తోటతో సంబంధం లేనివాళ్లు ఛానెల్‌లో చేరి వీడియో చూడకపోతే, ఇది ఎవరికి చూపించాలో యూట్యూబ్‌కు అర్థం కాదు.

సొరపిందె వీడియో ఎందుకు నడుస్తుంది

కొత్తగా ఛానెల్ పెట్టినవాళ్లు ముందుగా తీసేది "మా మిద్దె తోట టూర్". తోట ఎంత అందంగా ఉన్నా, మనల్ని ఎరగనివాళ్లు మన తోట చూడాలని ఎవరూ వెతకరు. వాళ్లు వెతికేది తమ తోటలో వచ్చిన కష్టాన్ని. సొరపాదు పెట్టినవాళ్లందరికీ ఒక రోజు వస్తుంది. వేలంత పిందెలు కనిపిస్తాయి, ఇంట్లో అందరికీ చూపించుకుంటారు, నాలుగైదు రోజులకు అవి పసుపెక్కి, కొన నల్లబడి రాలిపోతాయి. ఆ సాయంత్రం వాళ్లు ఫోన్ తీసి అడుగుతారు. చాలామంది తెలుగు అక్షరాల్లో కొట్టరు. `sorakaya pindelu ralipothunnayi` అని కొడతారు, లేదా మైక్ గుర్తు నొక్కి మాట్లాడతారు. శీర్షికలో ఆ మాటలే ఉండాలి.

ఇక వీడియో. మొదటి పది సెకన్లలో పసుపెక్కిన పిందె అరచేతిలో పెట్టి దగ్గరగా చూపించాలి. చూసేవాళ్లకు తమ పాదే కనిపిస్తుంది, ఉండిపోతారు. తర్వాత కారణం. సొరపూలు తెల్లగా సాయంత్రం పూట విచ్చుకుంటాయి. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నటి పొడవాటి కాడ మాత్రమే ఉంటుంది. నాలుగో అంతస్తు డాబా మీదకు ఆ వేళ పురుగులు రాకపోతే పుప్పొడి అందక పిందె ఎండుతుంది. చీకటి పడే వేళకు మగపువ్వు తెంపి, రేకులు తీసి, దాని కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఇది చేసి చూపించాలి. అదే పిందెకు దారం కట్టి, మూడో రోజు, ఏడో రోజు ఎంత పెరిగిందో చూపించాలి. పిందె మీద గాటుపడి జిగురు కారుతూ వంకరపోతే అది పుప్పొడి లోపం కాదు, పండు ఈగ పని. ఆ తేడా కూడా చూపిస్తే ఇక వాళ్లు మరో వీడియో వెతుక్కోనక్కర్లేదు.

ఈ వీడియో ఒక సాయంత్రంలో తీసేది కాదు. పాదు పూతకు వచ్చినప్పటి నుంచి కాయ నిలిచేదాకా పది రోజులు రోజుకో రెండు నిమిషాలు తీసి దాచుకోవాలి. మిద్దె తోట ఛానెల్‌కు రోజుకో వీడియో సలహా ఎందుకు పనికిరాదో ఇందులోనే ఉంది. మొక్క పెరిగే వేగం కంటే ముందు వీడియో పుట్టదు. రోజూ వేయాలని పట్టుబడితే దుకాణంలో కుండీల ధరలు, పక్కింటివాళ్ల తోట, పొద్దున కోసిన వంకాయలు లాంటి నింపుడు సరుకు వస్తుంది. దాన్ని ముప్పై సెకన్లు చూసి వెళ్లిపోతారు. వారానికి ఒకటి, అది కూడా ఒక కష్టానికి పూర్తి జవాబుగా ఉంటే, నా దృష్టిలో చాలు.

నిడివి ఎనిమిది నిమిషాలు దాటితే వీడియో మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. 2020 జూలై దాకా ఆ హద్దు పది నిమిషాలుండేది. అందుకని ఐదు నిమిషాల విషయాన్ని సాగదీస్తే సగటు చూపు పడిపోతుంది. అర్హత రాకముందు మధ్య ప్రకటనల గురించి ఆలోచించడమే దండగ.

పెట్టే వేళ కూడా లెక్కలో భాగమే. సొర, బీర, కాకర విత్తనాలు మన దగ్గర జూన్, జూలైలో వేస్తారు, వేసవి పంటకు మళ్లీ జనవరి, ఫిబ్రవరిలో. పిందె రాలే కష్టం ఆగస్టు, సెప్టెంబర్‌లలో, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. వీడియో దానికి నెల ముందే ఉండాలి. దసరాకు బంతిపూలు కావాలనుకునేవాళ్లు నారు గురించి జూలైలో వెతుకుతారు. ఆ వీడియో సెప్టెంబర్‌లో పెడితే అది వచ్చే ఏడాదికి పనికొస్తుంది. మొదటి ఏడాది తోటలో తీసిన దృశ్యాలు చాలావరకు ఇలా ఆలస్యంగానే చేరతాయి. అదే రెండో ఏడాది వ్యూస్ ఉన్నట్టుండి పెరగడానికి ఒక కారణం. పాత వీడియోలకు తమ రుతువు తిరిగి వస్తుంది.

ఎక్కడ చెడిందో ఎలా తెలుస్తుంది

యూట్యూబ్ స్టూడియోలో చూడాల్సినవి చాలా ఉన్నాయి కానీ మొదటి ఏడాది రెండు చాలు. మీ థంబ్‌నెయిల్ చూసినవాళ్లలో నొక్కినవాళ్ల శాతం ఒకటి. సగం ఛానెళ్లకూ వీడియోలకూ అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. రెండోది, వీడియోలో ఎక్కడ ఎంతమంది మిగిలారో చూపించే గీత. థంబ్‌నెయిల్‌ను వేలమందికి చూపించినా నొక్కనివాళ్లే ఎక్కువైతే బొమ్మా శీర్షికా మార్చాలి. నొక్కి కూడా మొదటి అర నిమిషంలోనే గీత కిందికి పడిపోతే "హాయ్ ఫ్రెండ్స్, ముందుగా సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అనే ముందుమాట కోసేయాలి. అసలు ఎవరికీ చూపించకపోతే ఆ విషయాన్ని ఎవరూ వెతకడం లేదన్నమాట, అది మార్చాలి. వంద, రెండువందల మందికి చూపించిన దశలో ఈ శాతాలు నమ్మదగినవి కావు. కొన్ని వేలు దాటాక చూడండి.

డాబా మీద తీసేవాళ్లకు రెండు ప్రత్యేక చిక్కులున్నాయి. ఒకటి గాలి. ఫోన్ మైక్‌లో గాలి హోరు పడితే మాట వినిపించదు, చూసేవాళ్లు వెళ్లిపోతారు. కాలర్ మైక్, దానికి స్పాంజి తొడుగు, ఒక స్టాండ్ మొదటి ఏడాదికి చాలు. కెమెరా కొనడం అర్హత వచ్చాక కూడా తప్పనిసరి కాదు. రెండోది పక్క వీధిలో మైక్‌సెట్. మీరు పిందె గురించి చెబుతుంటే వెనక సినిమా పాట వినిపిస్తే కంటెంట్ ఐడీ దాన్ని పట్టుకుంటుంది. అది స్ట్రైక్ కాదు, క్లెయిమ్. ఛానెల్‌కు ప్రమాదం లేదు కానీ ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు పాట హక్కుదారులకు పోవచ్చు. స్టూడియోలో ఆ పాట ముక్కను కోసేయడానికి, శబ్దం తీసేయడానికి వీలుంది. పాట మోగుతుంటే చిత్రం తీసి, మాట తర్వాత గదిలో కూర్చుని చెప్పుకోవడం మేలు. నేపథ్య సంగీతం కావాలంటే స్టూడియోలోనే ఉన్న ఆడియో లైబ్రరీ వాడుకోవచ్చు.

ఒక లెక్క, నెలలవారీగా

ఇప్పుడు ఒక ఛానెల్ ఊహించుకుందాం. ఇందులోని అంకెలు నేను వేసుకున్న అంచనాలు, ఎవరి ఛానెల్‌వీ కావు. వారానికో వీడియో, ఎనిమిది నిమిషాల నిడివి, సగటు చూపు మూడు నిమిషాలు.

మొదటి ఏడాది 48 వీడియోలు. వాటిలో 40 వీడియోలకు తలా 300 వ్యూస్, అంటే 12,000. జనం వెతికే కష్టాల మీద తీసిన ఆరింటికి తలా 3,000, అంటే 18,000. రెండు మాత్రం బాగా పట్టుకుని తలా 10,000 తెచ్చాయి. మొత్తం 50,000. ఈ ఎగుడుదిగుడు అసహజం కాదు, దాదాపు ప్రతి చిన్న ఛానెల్ ఇలాగే ఉంటుంది. ఏవి నడుస్తాయో ముందుగా తెలియదు కాబట్టే మిగతా నలభై తీయాలి. మొదటి ఆరు నెలల్లో ఇందులో 10,000 మాత్రమే వస్తాయి, మిగిలినవి తర్వాతి ఆరు నెలల్లో. చాలామంది ఆపేసేది ఆ మొదటి ఆరు నెలల్లోనే. ఏడాది తిరిగేసరికి 2,500 గంటలు. వంద వ్యూస్‌కు ఒకరు చొప్పున చేరారనుకుంటే 500 మంది సబ్‌స్క్రైబర్లు. సబ్‌స్క్రైబర్ల లెక్కలో సరిగ్గా సగం దారి.

తర్వాతి ఆరు నెలల్లో పాత వీడియోలకు రుతువు తిరిగొచ్చి, కొత్తవి తోడై ఇంకో 50,000 వ్యూస్. పద్దెనిమిదో నెల చివర వెనక్కి చూస్తే, గడిచిన 12 నెలల్లో 90,000 వ్యూస్, 4,500 గంటలు. సబ్‌స్క్రైబర్లు 1,000. రెండు షరతులూ నిండాయి. దరఖాస్తు పెడితే పరిశీలనకు మామూలుగా నెల. ఇతరుల వీడియోలు ఎత్తిపెట్టారా, ఒకే మూసలో యాంత్రికంగా తయారు చేశారా అని మనుషులు కూడా చూస్తారు. మొదటిసారి తిప్పికొడితే నెల రోజుల తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు, ఆపైన తిరస్కరిస్తే 90 రోజులు ఆగాలి. సొంత తోటలో సొంత గొంతుతో తీసినవాళ్లకు ఇక్కడ సాధారణంగా ఇబ్బంది రాదు. ఇరవయ్యో నెల నుంచి ప్రకటనల వాటా మొదలవుతుందని అనుకుందాం. వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో తీసినవాళ్లకు 55 శాతం, షార్ట్స్ అయితే వాళ్ల వంతుకు వచ్చినదాంట్లో 45 శాతం.

ఇక మూడో ఎదురుచూపు. వాటా పోగా మీ చేతికి వెయ్యి వ్యూస్‌కు ఎంత మిగిలిందో స్టూడియోలో ఆర్‌పీఎం అని కనిపిస్తుంది. అది చూసేవాళ్ల దేశాన్ని బట్టి, భాషను, విషయాన్ని, నెలను బట్టి మారుతుంది. షేర్ల గురించి, అప్పుల గురించి మాట్లాడే ఛానెల్‌కు తోటల ఛానెల్ కంటే ఎక్కువ వస్తుంది. దసరా, దీపావళి రోజుల్లో పెరిగి జనవరిలో పడిపోతుంది. మన లెక్కకు 40 రూపాయలు అనుకుందాం. నెలకు 10,000 వ్యూస్‌తో మొదలైతే మొదటి నెల వచ్చేది 400 రూపాయలు.

యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు పోగుపడితే గాని సొమ్ము పంపరు. దాన్ని సుమారు 9,000 రూపాయలుగా తీసుకుందాం. వ్యూస్ నెల నెలా వెయ్యి చొప్పున పెరుగుతూ పోయినా 9,000 నిండడానికి 14 నెలలు పడుతుంది. ఏమీ పెరగకపోతే 22 నెలలు దాటుతుంది. నిండిన నెల లెక్క మరుసటి నెల రెండో వారానికి తేలుతుంది, సొమ్ము 21 నుంచి 26 తేదీల మధ్య విడుదలవుతుంది. అంటే మొదటి వీడియో పెట్టిన 34వ నెలలో మొదటి చెల్లింపు. మూడేళ్లకు రెండు నెలలు తక్కువ.

ఈ మధ్యలో చేయాల్సిన కాగితాల పనులున్నాయి. ఖాతాలో 10 డాలర్లు దాటగానే, మన లెక్కలో మూడో నెలలో, మీ చిరునామా నిజమో కాదో చూడటానికి ఒక పిన్ ఉన్న కార్డును తపాలాలో పంపుతారు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇంటి నంబరు, పిన్‌కోడ్ తప్పు రాస్తే కార్డు రాదు. నాలుగు నెలల్లోగా ఆ పిన్ కొట్టకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. ఖాతాలో పేరు, పాన్ కార్డులో పేరు, బ్యాంకులో పేరు ఒకేలా ఉండేట్టు ముందే చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లలో మామూలే, చిక్కు అక్కడే వస్తుంది. అమెరికా పన్ను ఫారం కూడా నింపాలి. నింపకపోతే అన్ని దేశాల నుంచి వచ్చిన ఆదాయం మీద 24 శాతం దాకా పట్టుకుంటారు. భారత్‌లో పన్ను నివాసులుగా ఒప్పందం కింద నింపితే అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగం మీదే 15 శాతం పోతుంది. ఇక ఇంట్లోవాళ్లచేత, స్నేహితులచేత ప్రకటనలు నొక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది తేలిగ్గా పట్టుబడుతుంది, ఖాతా మూసేస్తారు, పోగుపడిన సొమ్మూ పోతుంది.

దారి కొంత తగ్గించేవి

ఈ లెక్కను నిజాయితీగా కుదించగలిగినవి నాకు రెండే కనిపిస్తున్నాయి. మొదటిది సగటు చూపు. దాన్ని మూడు నుంచి నాలుగు నిమిషాలకు తేగలిగితే గంటల షరతు చాలా ముందే నిండుతుంది, తర్వాత సబ్‌స్క్రైబర్ల కోసమే ఆగాలి. రెండోది అమెరికా తెలుగువాళ్లు. న్యూజెర్సీలో, టెక్సస్‌లో పెరట్లో గోంగూర, దోస, సొర పెంచుకునే తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ల కష్టాలు వేరు. చలి ఎక్కువుండే ఉత్తర రాష్ట్రాల్లో మార్చిలో ఇంట్లోనే గోంగూర విత్తనాలు మొలకెత్తించి, మంచు భయం పోయాక మేలో బయట పెట్టాలి. గింజ ఎంత లోతు వేయాలి, కిటికీ దగ్గర మొలక సన్నగా సాగిపోతే ఏం చేయాలి అనే వీడియో ఫిబ్రవరిలో సిద్ధంగా ఉంటే దాన్ని చూసేది వాళ్లే. అక్కడి ప్రేక్షకులకు చూపే ప్రకటనకు ధర ఎక్కువ. వాళ్ల వల్ల ఛానెల్ సగటు ఆర్‌పీఎం 80 రూపాయలకు చేరిందనుకుంటే పై లెక్కలోని 14 నెలలు తొమ్మిదికి తగ్గుతాయి. మొదటి చెల్లింపు 29వ నెలలో వస్తుంది. అయితే ఆ వాతావరణం తెలియకుండా ఇక్కడి డాబా మీద కూర్చుని సలహా చెబితే కామెంట్లలోనే తేలిపోతుంది. అక్కడి చుట్టాలో స్నేహితులో తమ పెరట్లో తీసి పంపిన దృశ్యాలతో చేయడం సరైన పద్ధతి.

ప్రకటనల కంటే ముందే వచ్చే డబ్బు ఇంకొకటి ఉంది. గ్రో బ్యాగులు, ఎరువులు, విత్తనాలు అమ్మేవాళ్లు కొన్ని వేల మంది చూసే ఛానెల్‌కు కూడా సరుకు పంపి చూపించమంటారు. ఒప్పుకుంటే అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్ పెట్టి, మాటల్లో కూడా ఆ సంగతి చెప్పాలి. ఒక పంటకాలం వాడి చూడని ఎరువును మెచ్చుకోవద్దు. దాన్ని నమ్మి కొన్నవాళ్ల మొక్కలు మాడితే వాళ్లు మళ్లీ రారు.

ఉద్యోగమో ఇంటిపనో చేసుకుంటూ వారానికి ఒక వీడియో తీసేవాళ్లకు నా తీర్పు ఇది. అర్హతకు ఏడాదిన్నర, మొదటి వంద డాలర్లకు రెండున్నర నుంచి మూడేళ్లు పెట్టుకోండి. ఆ తర్వాత కూడా ఇదే లెక్కలో వచ్చేది ఏడాదికి కొన్ని వేల రూపాయలు. విత్తనాలకు, మట్టికి, షేడ్ నెట్‌కు సరిపోతాయి, ఇల్లు గడవడానికి కాదు. అందుకని ఈ ఆదాయాన్ని నమ్మి అప్పు చేసి కెమెరా కొనకండి, ఉద్యోగం మానకండి. తోట ఎలాగూ పెంచుతున్నవాళ్లయితే, జూన్‌లో సొరగింజ నాటే రోజున ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయడం మొదలుపెట్టండి.